డబ్బు తిరిగి ఇచ్చేది ఎవరు?

చేనేత చీరలు అమ్మే ఒక వెబ్‌సైట్ ఉందనుకోండి. పోచంపల్లి, మంగళగిరి, గద్వాల నేతన్నలు అక్కడ తమ చీరల ఫొటోలు పెడతారు, ఎక్కడెక్కడివాళ్లో ఆర్డర్ చేస్తారు. సైట్ నిబంధనల్లో ఐదోది ఇలా ఉంటుంది: “చీర పాడై వస్తే 7 రోజుల్లో కంపెనీకి తెలపాలి. పరిశీలన తర్వాత వినియోగదారుకు డబ్బు వాపసు చేయబడుతుంది. ఆలస్యానికి వెబ్‌సైట్ బాధ్యత వహించదు.”

అదే పేజీ మొదట్లో “మేము మీకు అందించే సేవలు” అని ఉంది. ఐదో నిబంధనకు వచ్చేసరికి ‘మేము’ పోయి కంపెనీ వచ్చింది, ‘మీరు’ పోయి వినియోగదారు వచ్చాడు. చివరికి వెబ్‌సైటే మనిషిలా బాధ్యత వద్దంటోంది. చిరిగిన చీర చేతిలో పట్టుకుని ఇది చదివే ఆవిడకు తెలియాల్సింది ఒక్కటే. డబ్బు ఇచ్చేది నేతన్నా, సైట్ నడిపే సంస్థా? మూడు వాక్యాలు చదివినా అది తేలదు.

చాలా సైట్లలో ఈ పేజీ ఒక్క చేతి మీదుగా తయారు కాదు. సగం వేరే సైట్ నుంచి తెచ్చినది, కొంత లాయరు రాసినది, మిగిలింది కొత్త ఫీచర్ వచ్చినప్పుడల్లా ఎవరో చేర్చినది. ఒక్కో చేయి ఒక్కో పేరు వాడింది.

చట్టం దృష్టిలో వెబ్‌సైట్ ఒక వ్యక్తి కాదు. ఒప్పందం చేసుకునేది దాన్ని నడిపే సంస్థ. అందుకే 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, సంస్థ చట్టబద్ధమైన పేరును, ప్రధాన కార్యాలయం చిరునామాను సైట్‌లో స్పష్టంగా చూపాలంటాయి. సొంత సరుకు అమ్మే సైట్‌నూ ఇతరుల సరుకుకు వేదికగా మాత్రమే ఉండే మార్కెట్‌ప్లేస్‌నూ అవే నియమాలు వేరుగా చూస్తాయి. మార్కెట్‌ప్లేస్ నడిపే సంస్థ “మేము అమ్మే చీరలు” అని రాసుకుంటే తన పాత్రనే తప్పుగా చెప్పుకున్నట్టు. ఒప్పందంలో మాట రెండు రకాలుగా అర్థమైతే, రాసినవారికి వ్యతిరేకంగా అర్థం చెప్పే సూత్రం కూడా కోర్టుల్లో ఉంది. బీమా పాలసీల తగాదాల్లో అది తరచూ వినిపిస్తుంది.

సరిదిద్దే పని పేజీ ప్రింటు తీసి రంగు పెన్నులు పట్టుకోవడంతో మొదలవుతుంది. సంస్థను సూచించే ప్రతి మాటకూ ఒక రంగు, కొనేవారికి ఒకటి, అమ్మేవారికి ఇంకొకటి. ఏ రంగు వేయాలో తోచని చోటే అసలు సమస్య ఉంటుంది. మన ఉదాహరణలో ‘వినియోగదారు’ దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఫొటోలు పెట్టే నేతన్నా వినియోగదారే, చీర కొన్నావిడా వినియోగదారే.

తెలుగులో రాసిన నిబంధనల్లో రంగుకు అందని వాక్యాలూ ఉంటాయి. “ఆర్డర్ రద్దు చేయవచ్చు” అనే వాక్యంలో కర్త లేదు, క్రియను బట్టీ ఎవరో తెలియదు. “రద్దు చేస్తాము” అంటే క్రియే చెప్పేస్తుంది. కాబట్టి ‘వచ్చు’, ‘రాదు’, ‘బడుతుంది’ అని ముగిసే వాక్యాలను విడిగా గుర్తు పెట్టుకుని, ప్రతిదానికీ కర్తను చేర్చాలి.

తర్వాత మొదటి నిబంధనలోనే పేర్లు ఖాయం చేయాలి. ‘మేము’, ‘మా’ అంటే ఫలానా ప్రైవేట్ లిమిటెడ్. ‘మీరు’ అంటే ఈ సైట్ వాడే వ్యక్తి. చీర కొన్నప్పుడు మీరు ‘కొనుగోలుదారు’, అమ్మకానికి పెట్టినప్పుడు ‘అమ్మకందారు’. ఆపైన ఐదో నిబంధన ఇలా మారుతుంది: “చీర పాడై వస్తే, కొనుగోలుదారుగా మీరు అది అందిన 7 రోజుల్లో మాకు తెలపాలి. పరిశీలించి, లోపం నిజమైతే మీ డబ్బు మేము తిరిగి ఇస్తాము. ఆ మొత్తాన్ని అమ్మకందారుకు చెల్లించాల్సిన దాంట్లో మినహాయిస్తాము.”

చివరి వాక్యం పాత పాఠంలో లేదు. మాట మార్చబోయేసరికి ఆ నష్టం చివరికి ఎవరిదో సంస్థ ఎప్పుడూ తేల్చుకోలేదని బయటపడింది. రాసే మనిషి దాన్ని తన ఊహతో పూరించకూడదు. యాజమాన్యాన్ని అడిగి తెలుసుకోవాలి. ఆలస్యం గురించిన వాక్యమూ అంతే. కొరియర్ ఆలస్యమా, వాపసు ఆలస్యమా అని తేలేదాకా పక్కన పెట్టాలి.

కంప్యూటర్‌లో ‘కంపెనీ’ అన్న ప్రతిచోటా ఒక్కసారిగా ‘మేము’ అని మార్చేయడం ప్రమాదం. “కంపెనీ బాధ్యత వహిస్తుంది” కాస్తా “మేము బాధ్యత వహిస్తుంది” అవుతుంది. అది కంటికి కనిపించే తప్పు. కనిపించనిది వేరే ఉంది. “మీరు ఒక కంపెనీ తరఫున ఖాతా తెరిస్తే” అన్నచోట ఆ కంపెనీ సంస్థ కాదు, కొనుగోలుదారుది. “ఇతర వినియోగదారుల ఫొటోలు వాడరాదు” అన్నచోట వినియోగదారు ‘మీరు’ కాలేడు. అక్కడ పాత మాటే ఉండాలి.

పని పూర్తయ్యాక పరీక్ష తేలికే. ‘మేము’ ఉన్న ప్రతిచోటా సంస్థ పూర్తి పేరు, ‘మీరు’ ఉన్నచోట ఒకసారి నేతన్నను, ఒకసారి చీర కొన్నావిడను పెట్టి పైకి చదవాలి. ఎక్కడ వాక్యం అబద్ధమైతే అక్కడ మళ్లీ దిద్దాలి. గోప్యతా విధానం, వాపసు విధానం పేజీల్లోనూ అవే పేర్లు ఉండాలి. ఇంగ్లిష్ ప్రతి కూడా ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. కొత్త పాఠం మీద అమల్లోకి వచ్చే తేదీ వేసి, పాతదాన్ని భద్రపరచాలి. అంతకుముందు కొన్న చీర గురించి తగాదా వస్తే చూడాల్సింది ఆ పాత పాఠాన్నే.