ఆ ఉత్తరంలో ఏముండాలి?

ఆటిజం ఉన్న బిడ్డకు వైకల్య ధ్రువపత్రం ఇచ్చేది ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులే. బిడ్డ వాళ్ల ఎదుట కూర్చునేది కాసేపే. ఇంట్లో, బడిలో ఆ బిడ్డ రోజు ఎలా గడుస్తుందో వాళ్లకు తెలిపేది సైకాలజిస్టు రాసిన ఉత్తరం.

మన దేశంలో ఆటిజం తీవ్రతను ‘ఇసా’ అనే కొలమానంతో లెక్కిస్తారు. దీన్ని సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ రూపొందించింది. ఇందులో 40 అంశాలు ఉంటాయి. ఒక్కో ప్రవర్తన ఎంత తరచుగా కనిపిస్తుందో చూసి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 నుంచి 106 వస్తే స్వల్పం, 107 నుంచి 153 వస్తే మధ్యస్థం, 153 దాటితే తీవ్రం.

ఆరేళ్ల బాబు ఒకడికి 112 వచ్చిందనుకుందాం. ‘ఆటిజం లక్షణాలున్నాయి, సాయం అవసరం’ అని రాసి ఊరుకుంటే అధికారికి అందేది ఏమీ లేదు. ‘పేరు పెట్టి పిలిస్తే చాలాసార్లు తిరిగి చూడడు. దాహమేస్తే అడగలేక తల్లి చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళ్తాడు. మిక్సీ చప్పుడు వింటే చెవులు మూసుకుని ఏడుస్తాడు’ అని రాస్తే ఆ 112 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పరీక్ష జరిపిన తేదీ, వివరాలు చెప్పినవారు ఎవరు, సైకాలజిస్టు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉత్తరంలో ఉండాలి. అయితే శాతాన్ని ఖరారు చేసేది ఉత్తరం కాదు, వైద్యాధికారులే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన ఉన్నవారికే రిజర్వేషన్ వంటివి వర్తిస్తాయి. అందుకే బిడ్డ ఇబ్బందిని తక్కువ చేసి రాసినా, లేనిది కలిపి రాసినా నష్టపోయేది ఆ కుటుంబమే.