క్షణక్షణానికీ మారే వడ్డీ

బ్యాంకు మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతుంది. దాన్నే నెలకోసారి, రోజుకోసారి, గంటకోసారి కలుపుతూ పోతే చివరకు వడ్డీ ప్రతి క్షణం పుడుతూ, పుట్టిన క్షణంలోనే అసలుగా మారుతుంది. అప్పుడు సొమ్ము మెట్లెక్కినట్టు కాక, కుళాయి కింద బిందె నిండినట్టు పెరుగుతుంది. ఏ క్షణంలోనైనా సొమ్ము పెరిగే వేగాన్ని ఆ క్షణంలో ఉన్న సొమ్ముతో భాగిస్తే వచ్చేదే ఫోర్స్ ఆఫ్ ఇంట్రెస్ట్. బీమా గణకులు దీన్ని δ అనే గ్రీకు అక్షరంతో రాస్తారు.

δ ఎప్పుడూ 7 శాతంగానే ఉంటే ఏడాది తిరిగేసరికి వంద రూపాయలు 107 కావు, 107.25 అవుతాయి. ఏడాది పొడవునా పుట్టిన వడ్డీ మీద మళ్ళీ వడ్డీ పుట్టడమే ఆ పావలాకు కారణం. అందుకే δను, బ్యాంకు చెప్పే వార్షిక వడ్డీ రేటును ఒకటిగా చూడకూడదు.

δ కాలంతో పాటు మారుతుంటే లెక్క ఎలా చేయాలన్నదే అసలు ప్రశ్న. కాలాన్ని అడ్డంగా, δను నిలువుగా పెట్టి గ్రాఫ్ గీస్తే, గీత కింద ఉన్న వైశాల్యమే సమాధానానికి తాళంచెవి. e అనే సంఖ్యను, అంటే సుమారు 2.71828ను, ఆ వైశాల్యమంత ఘాతానికి ఎత్తితే ఒక్క రూపాయి ఎంతవుతుందో తెలుస్తుంది. 1683లో యాకోబ్ బెర్నూలీ ఈ సంఖ్యను చేరుకున్నది కూడా వడ్డీ లెక్క నుంచే. నూటికి నూరు వడ్డీకిచ్చిన రూపాయికి వడ్డీని ఎంత తరచుగా కలిపినా, ఏడాది చివర అది ఈ హద్దు దాటదు.

ఒక లక్ష రూపాయల డిపాజిట్‌నే తీసుకోవచ్చు. δ మొదట 6 శాతం. సమానంగా పెరుగుతూ ఐదేళ్ళకు 8 శాతానికి చేరుతుంది. సూత్రంగా రాస్తే:

δ(t) = 0.06 + 0.004t

గీత తిన్నగా ఉంది కాబట్టి సగటు 7 శాతం. ఐదేళ్ళతో గుణిస్తే వైశాల్యం 0.35. e ని 0.35 ఘాతానికి ఎత్తితే 1.41907. అంటే లక్ష రూపాయలు 1,41,907 అవుతాయి.

ఈ సౌకర్యం తిన్నని గీతకే. δ అదే 6 నుంచి అదే 8 శాతానికి వెళ్ళినా, మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా పెరిగితే మాట మారుతుంది. 0.06 + 0.0008t² అలాంటి గీతే. సగం కాలం గడిచాక కూడా δ 6.5 శాతమే. వైశాల్యం కావాలంటే ఇక్కడ సమాకలనం చేయక తప్పదు. అది 0.3333, చేతికొచ్చేది 1,39,561 రూపాయలు. మొదటి, చివరి రేట్ల సగటుతో సరిపెట్టుకున్నవారి లెక్కలో 2,346 రూపాయలు ఎక్కువ కనిపిస్తాయి.

మరో పొరపాటు విద్యార్థులు తరచూ చేసేది. తిన్నని గీత ఉదాహరణలోనే, లక్ష రూపాయలను రెండేళ్ళు గడిచాక వేశారనుకుంటే, మిగిలింది మూడేళ్ళు. అలాగని సున్నా నుంచి మూడు దాకా వైశాల్యం తీస్తే 0.198 వస్తుంది, సొమ్ము 1,21,896 అవుతుంది. కానీ ఈ డిపాజిట్ ఆ మొదటి ఏళ్ళను చూడనే లేదు. అది అనుభవించింది రెండో ఏడాది చివరి నుంచి ఐదో ఏడాది చివరి దాకా ఉన్న రేట్లను, అంటే 6.8 నుంచి 8 శాతం వరకు. సగటు 7.4, వైశాల్యం 0.222, సరైన సొమ్ము 1,24,857. ఎన్నేళ్ళు ఉందన్నది ఒక్కటే కాదు, ఏ ఏళ్ళలో ఉందన్నదీ ముఖ్యమే.

ఈ తప్పును పట్టుకునే పరీక్ష ఒకటుంది. మొదట్లోనే వేసిన లక్ష రెండేళ్ళకు 1,13,655 అవుతుంది. దాన్ని తర్వాతి మూడేళ్ళ గుణకం 1.24857తో గుణిస్తే పాత జవాబు 1,41,907 తిరిగి రావాలి, వస్తుంది. తప్పు గుణకం 1.21896తో గుణిస్తే సుమారు 1,38,540 దగ్గరే ఆగిపోతుంది.

నిజానికి బ్యాంకు రేట్లు ఇంత నున్నగా మారవు, అంచెలంచెలుగా మారతాయి. అయినా పద్ధతి అదే. గీత కింద ఇప్పుడు దీర్ఘచతురస్రాలు ఉంటాయి, అంతే. కాకపోతే ముందు ప్రకటిత రేటును δగా మార్చుకోవాలి. మూడు నెలలకోసారి కలిపే 7 శాతం అంటే త్రైమాసికానికి 1.75. 1.0175కు సహజ సంవర్గమానం తీసి నాలుగుతో గుణిస్తే δ 6.94 శాతం. అలాగే 6 శాతానికి 5.96. రెండేళ్ళు 7 శాతానికి వేసిన లక్షను వచ్చిన వడ్డీతో సహా మరో మూడేళ్ళు 6 శాతానికి వేస్తే, వైశాల్యాలు 0.13879, 0.17866, రెండూ కలిపి 0.31745. సొమ్ము 1,37,362. బ్యాంకు ఇరవై త్రైమాసికాలూ ఒక్కొక్కటిగా లెక్కగట్టినా వచ్చేది ఆ మొత్తమే.