బొమ్మ ఎడమ పక్క, కథ కుడి పక్క

పిల్లల కోసం బొమ్మల పుస్తకం చేయబోయేవాళ్లు మామూలుగా ముందు కథ రాసేస్తారు, తర్వాత బొమ్మలు వేయిస్తారు, అన్నీ అయ్యాక పేజీలు లెక్కపెడతారు. లెక్క పదమూడో పదిహేనో తేలుతుంది. సరి సంఖ్య చేయడానికి ఎక్కడో ఒక పేజీ ఇరికిస్తారు. పుస్తకం చెడిపోయేది సరిగ్గా అక్కడే. ముందు పేజీలు తేల్చుకుని, కథను ఆ పేజీలకు తగ్గట్టు విడగొట్టుకోవాలి.

ఒక ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు ఏ5 పేజీలవుతాయి. నాలుగు కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మడిచి, మడత మీద రెండు పిన్నులు కొడితే పదహారు పేజీల పుస్తకం. పక్కన పిన్ను కొట్టినా, స్పైరల్ వేసినా పేజీలు సరి సంఖ్యలో ఉంటే చాలు. మధ్య పిన్ను పుస్తకానికి మాత్రం నాలుగుతో భాగించబడాలి. పద్నాలుగు పేజీలు కూడా సరి సంఖ్యే, కానీ మధ్య పిన్నుకు పంపితే చివర రెండు తెల్ల పేజీలు చేరతాయి. మీరు వెనక అట్ట అనుకున్నది లోపలికి పోయి, బయట బోసి కాగితం కనబడుతుంది.

పదహారులో మొదటిది ముందు అట్ట, చివరిది వెనక అట్ట. మిగిలిన పద్నాలుగు పేజీలు పుస్తకం తెరిచినప్పుడు ఏడు జతలుగా ఎదురెదురు పడతాయి: 2-3, 4-5, అలా 14-15 దాకా. ప్రతి జతలో ఎడమ పేజీ నిండా బొమ్మ, కుడి పేజీలో పెద్ద అక్షరాల కథ. అంటే మీ కథలో ఏడు ఘట్టాలుండాలి. ఆరైతే ఒకటి పెంచాలి, తొమ్మిదైతే రెండు తగ్గించాలి.

సంతలో తప్పిపోయిన దూడ కథ అనుకుందాం. దూడ సంతకు బయల్దేరడం, గాజుల కొట్టు దగ్గర ఆగిపోవడం, జనంలో తాడు జారిపోవడం. ఇవి మూడు జతలు. నాలుగో జతలో, అంటే 8-9లో, చీకటి పడింది, దూడ ఒంటరిగా ఉంది. తొమ్మిదో పేజీ చివరి వాక్యం: “బండి వెనక ఏదో కదిలింది. ఏమిటది?” పిల్లవాడు పేజీ తిప్పాలి. తిప్పితే పదో పేజీ నిండా లాంతరు పట్టుకున్న గాజుల తాత. ప్రశ్న కుడి పేజీ అడుగున, జవాబు తర్వాతి ఎడమ పేజీలో. ఈ పుస్తకంలో ఉత్కంఠంతా ఆ కాగితం తిప్పడంలోనే ఉంది.

ఇప్పుడు ఎవరో వచ్చి, “రచయిత పేరు, చిత్రకారుడి పేరు వేయడానికి అట్ట లోపల ఒక పేజీ ఉండాలండీ” అన్నారనుకోండి. రెండో పేజీగా దాన్ని చేర్చగానే అన్నీ ఒక్కో అడుగు జరుగుతాయి. ప్రశ్న పదో పేజీకి, లాంతరు తాత పదకొండుకు పోతారు. పది, పదకొండు ఎదురెదురు పేజీలు. ప్రశ్న చదవకముందే తాత కనబడిపోతాడు. అంతకుముందు బొమ్మలన్నీ తమ కథకు ఎదురుగా కాక, అదే కాగితానికి వెనకవైపు పడతాయి. మొత్తం పేజీలు పదిహేడై బేసి సంఖ్య కూడా అవుతుంది. పేర్లు వెనక అట్ట అడుగున చిన్న అక్షరాలతో వేస్తే ఏ బాధా లేదు.

ఈ జరుగుడు రాకుండా ఉండాలంటే లిబ్రేఆఫీస్ రైటర్, వర్డ్ వంటివాటిలో చేయకపోవడం మంచిది. వాటిలో ఒక చోట రెండు మాటలు పెంచితే చివరిదాకా పేజీలన్నీ కదిలిపోవచ్చు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో ఒక్కో స్లైడు ఒక్కో పేజీ, దేనికది కదలకుండా ఉంటుంది. Slide Properties లో వెడల్పు 14.8, ఎత్తు 21 సెంటీమీటర్లు ఇచ్చి పదహారు ఖాళీ స్లైడ్లు ముందే పెట్టుకోవాలి. అక్కడా ఒక చిక్కుంది. అది సిద్ధంగా ఇచ్చే గడుల్లో రాస్తే, కథ ఎక్కువైనప్పుడు Autofit అక్షరాలను చడీచప్పుడు లేకుండా కుదించేస్తుంది. ఒక పేజీలో అక్షరాలు పెద్దగా, ఇంకో పేజీలో చిన్నగా కనిపిస్తే కారణం అదే. మామూలు టెక్స్ట్ బాక్సు గీసి అందులో రాయాలి.

అక్షరం ఎంత పెద్దగా ఉండాలి? ఐదారేళ్ల పిల్లలకు ఈ కొలత పుస్తకంలో 22 పాయింట్లతో మొదలుపెట్టొచ్చు. మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ ఉచిత యూనికోడ్ ఫాంట్లే. కానీ పాయింట్లు ఒకటే అయినా అక్షరాలు ఒక ఫాంటులో పెద్దగా, మరోదాంట్లో చిన్నగా కనబడతాయి. అందుకని అంకెను నమ్మకుండా ఒక పేజీ అచ్చు తీసి చూడాలి. అంచులు వదిలితే వరసకు మూడు మాటలు పడతాయి, పేజీకి పాతిక మాటలు చాలు. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. “లక్ష్మి”, “స్త్రీ” లాంటి మాటలు రాసి చూస్తే ఒత్తులు కింది వరసకు తగులుతున్నాయో లేదో వెంటనే తెలుస్తుంది. రెండు అంచులూ సమం చేయకండి. మూడు మాటల వరసను సాగదీస్తే మధ్యలో గోతులు పడతాయి. ఎడమ అంచు సమంగా ఉంచి, చదివేటప్పుడు ఊపిరి ఆగే చోట వరస విరవడం మేలు.

బొమ్మలకు ఏ4 కాగితం నిలువుగా పెట్టి వేయిస్తే హాయి. ఏ4, ఏ5 రెండింటి నిష్పత్తీ ఒకటే, కత్తిరించకుండా సరిపోతాయి. 300 డీపీఐలో స్కాన్ చేయించాలి. ఏ5 పేజీకి కావలసింది సుమారు 1750 బై 2480 పిక్సెళ్లు. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన బొమ్మ చిన్నదై వస్తుంది, తెర మీద బాగానే ఉండి అచ్చులో మసకబారుతుంది. డాక్యుమెంటుగా పంపమనండి. బొమ్మ అంచుదాకా రావాలనుకుని ప్రెస్సులో కత్తిరింపు చేయిస్తే, పేజీ కొలతను, దాంతోపాటు బొమ్మను నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు పెంచాలి. ఇంట్లో ప్రింటరైతే మామూలుగా చుట్టూ సన్నని తెల్ల అంచు వదిలేస్తుంది. రెండు సందర్భాల్లోనూ ముఖాలు, చేతులు అంచుకు, మడతకు దూరంగా ఉండాలి.

Export as PDF చేశాక అడోబ్ రీడర్‌లో తెరిచి Two Page View పెట్టి చూడాలి. దాంతోపాటు Show Cover Page కూడా టిక్ చేయాలి. లేకపోతే అది 1-2, 3-4 అని తప్పు జతలు చూపిస్తుంది, సరిగ్గా ఉన్న పుస్తకాన్ని మీరు పాడు చేసుకుంటారు. File Properties లో ఫాంట్ల జాబితా ఉంటుంది. మీ ఫాంటు పక్కన Embedded అని ఉంటే వేరే కంప్యూటరులోనూ అక్షరాలు చెదరవు. డీటీపీ వాళ్లు కథను పాత అను ఫాంట్లలోకి మార్చి ఇస్తామంటే ఒప్పుకోకండి, ఒత్తులు తారుమారయ్యే ప్రమాదం ఉంది. పీడీఎఫ్ ఎలా ఉందో అలాగే అచ్చు వేయమనండి.

పేజీలను విడివిడిగానే, వరస క్రమంలోనే ఇవ్వండి. ప్రింటు పెట్టేటప్పుడు Booklet ఎంచుకుంటే పదహారో పేజీని ఒకటో పేజీ పక్కన, రెండో పేజీని పదిహేనో పేజీ పక్కన అదే అమరుస్తుంది. కాగితం పొట్టి అంచు మీద తిరగాలని జిరాక్స్ షాపతనికి ముందే చెప్పాలి. పొడవు అంచు మీద తిరిగితే వెనక పేజీలు తలకిందులవుతాయి. రోజువారీ 70 జీఎస్ఎమ్ కాగితం మీద నిండు బొమ్మ వేస్తే వెనక పేజీలోని కథ మీదికి నీడ కనబడుతుంది. 100 జీఎస్ఎమ్ అడగండి. ఒక్క ప్రతి వేయించి, మడిచి, తొమ్మిదో పేజీ తిప్పి చూశాకే మిగతావి వేయించండి.