సంవత్సరం మధ్యలో చేరితే ఈఎల్ ఎన్ని రోజులు?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు వస్తుంది. ఆఫీసుల్లో దీన్ని ఈఎల్ అంటారు. ఈ 30 రోజులూ ఒక్కసారే ఖాతాలో పడవు. జనవరి 1న 15, జూలై 1న 15 చొప్పున రెండు విడతలుగా, అదీ ముందుగానే, జమ అవుతాయి. 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నియమాలు పెట్టిన పద్ధతి ఇది. వేసవి సెలవులుండే బడులు, కాలేజీల సిబ్బందికి లెక్క వేరు. మిగతావారిలో జనవరి 1 నాటికో, జూలై 1 నాటికో ఉద్యోగంలో ఉన్నవారికి ఏ చిక్కూ లేదు. మధ్యలో చేరినవారికే మొదటి ఆరు నెలల జమ ఎంతో లెక్క వేసుకోవలసి వస్తుంది. మొదటి దరఖాస్తులో తప్పు అంకె పడేది కూడా ఇక్కడే.

చేరిన అర్ధ సంవత్సరంలో పూర్తయ్యే ఒక్కొక్క క్యాలెండర్ నెలకు 2½ రోజులు జమ చేయాలన్నది నియమం. ‘పూర్తయ్యే క్యాలెండర్ నెల’ అన్న మాటలోనే అసలు విషయం ఉంది. నెల అంటే ఒకటో తేదీ నుంచి ఆఖరి తేదీ దాకా. సెప్టెంబరు 9న చేరిన మనిషికి అక్టోబరు 8 నాటికి నెల నిండినట్టు అనిపిస్తుంది. ఇంటి అద్దెకైతే ఆ లెక్క సరిపోతుందేమో కానీ, సెలవు ఖాతాలో అది చెల్లదు. సెప్టెంబరు ఒకటో తేదీన ఆ మనిషి ఉద్యోగంలో లేనందువల్ల సెప్టెంబరు మొత్తం లెక్కలోంచి పోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఒక ఉద్యోగిని 2025 సెప్టెంబరు 9న చేరింది. డిసెంబరు 31తో ముగిసే ఆ అర్ధ సంవత్సరంలో ఆమెకు పూర్తిగా దక్కే నెలలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు. మూడు నెలలకు 2½ చొప్పున 7½ రోజులు. ఖాతాలో అర రోజులు ఉంచరు, దగ్గరి పూర్తి రోజుకు సరిచేస్తారు. సగాన్ని పైకి తీసుకుంటారు కాబట్టి 7½ కాస్తా 8 అవుతుంది. ఆమె ఖాతాలో మొదట పడవలసిన ఈఎల్ 8 రోజులు.

ఇదే లెక్కను రోజుల చొప్పున వేసేవారు చాలామంది ఉన్నారు. సెప్టెంబరు 9 నుంచి డిసెంబరు 31 దాకా 114 రోజులు. 30ని 114తో గుణించి 365తో భాగిస్తే 9.37, అంటే 9 రోజులు. ఇంకొకరు సెప్టెంబరును కూడా నెల కింద కలుపుకొని నాలుగు నెలలకు 10 రోజులంటారు. ఒకే మనిషికి, ఒకే తేదీకి 8, 9, 10 అని మూడు జవాబులు వచ్చాయన్న మాట. వీటిలో నియమానికి సరిపడేది 8 ఒక్కటే. రోజుల లెక్క న్యాయంగా కనబడుతుంది, నిజమే. కానీ నియమం నెలల్లో మాట్లాడినప్పుడు రోజుల్లో భాగించకూడదు. ఆమె ఎనిమిది రోజులు ముందుగా, సెప్టెంబరు 1నే చేరి ఉంటే నాలుగు నెలలకు పూర్తి 10 రోజులు పడేవి. చేరే తేదీని ఎంచుకునే వీలున్నవారు నియామక ఉత్తర్వు చేతికి రాగానే గమనించవలసిన సంగతి ఇది.

అర్ధవేతన సెలవుకూ దారి ఇదే, వాటా మాత్రం వేరు. అది ఏడాదికి 20 రోజులు కాబట్టి పూర్తయిన నెలకు 5/3 రోజు పడుతుంది. ఈ ఉద్యోగినికి మూడు నెలలకు సరిగ్గా 5 రోజులు. సీఎల్ సంగతి మాత్రం ఈ నియమాల కిందికే రాదు. కేంద్ర కార్యాలయాల్లో అది ఏడాదికి 8 రోజులు. మధ్యలో చేరినవారికి వాటా చొప్పున ఇవ్వాలా, మొత్తం ఇవ్వాలా అన్నది మంజూరు చేసే అధికారి విచక్షణ. అందుకని సీఎల్ ఎన్ని రోజులో తానే లెక్కగట్టుకోకుండా, చేరిన వారంలోనే పరిపాలన విభాగంలో అడిగి తెలుసుకోవడం మేలు. సీఎల్‌ను ఈఎల్‌తో కలిపి వాడడానికి వీల్లేదు. కాబట్టి ఆ రెండు నిల్వలనూ కూడి ఒకే అంకెగా రాయడం తప్పు.

నిల్వ తేల్చేటప్పుడు ఏ తేదీ నాటి నిల్వ అన్నది కూడా చెప్పాలి. పైన చెప్పిన ఉద్యోగిని డిసెంబరు 22, 23, 24 తేదీల్లో మూడు రోజుల ఈఎల్ వాడుకుంది. ఆ డిసెంబరు ఆఖరున ఆమె నిల్వ 5 రోజులు. తెల్లవారి జనవరి 1 కాగానే 15 రోజులు జమ అయి అది 20 అవుతుంది. ఫిబ్రవరిలో ఇంట్లో జరిగే పెళ్లికి ఆమె డిసెంబరు 29నే దరఖాస్తు పెడితే, ‘ఈనాటి నిల్వ 5’ అని మాత్రమే రాస్తే పది రోజుల సెలవుకు చాలదని కాగితం వెనక్కి వస్తుంది. ‘నిల్వ 20’ అని రాస్తే ఆ రోజుకు అది నిజం కాదు. రెండు అంకెలూ వాటి తేదీలతో సహా రాయాలి.

జనవరి జమ ఎప్పుడూ 15 ఉంటుందనుకోవడానికీ లేదు. అంతకు ముందు అర్ధ సంవత్సరంలో జీతం లేని అసాధారణ సెలవు పెట్టి ఉంటే, ఆ రోజుల్లో పదో వంతు కొత్త జమలోంచి తగ్గుతుంది. కొత్తగా చేరినవారు ఊరు మారడానికో, సామాను తెచ్చుకోవడానికో ఇలాంటి సెలవు పెడుతూ ఉంటారు. పది రోజులు అలా పోతే జనవరిలో పడేది 15 కాదు, 14.

ఇక అడిగే సెలవు ఎన్ని రోజులన్నది. ఆమెకు 2026 ఫిబ్రవరి 16 సోమవారం నుంచి 25 బుధవారం దాకా సెలవు కావాలి. వారానికి ఐదు రోజులు పనిచేసే ఆఫీసు కాబట్టి మధ్యలో వచ్చే 21, 22 తేదీల శని, ఆదివారాలను తీసేసి ఎనిమిది రోజులని రాయాలనిపిస్తుంది. సీఎల్ అయితే అలాగే, మధ్యలో వచ్చే సెలవు రోజులు లెక్కలోకి రావు. ఈఎల్‌లో మాత్రం వస్తాయి. మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా వరసగా లెక్కబెట్టి 10 రోజులు ఖాతాలోంచి కోస్తారు. సెలవుకు ముందున్న 14, 15 తేదీలు మాత్రం కోతలోకి రావు. వాటిని సెలవుకు ముందు కలుపుకుంటున్నట్టు దరఖాస్తులో చెబితే చాలు. ఫారం 1లో దానికి ప్రత్యేకంగా గడి ఉంది. ఆఫీసుల్లో దీన్ని ప్రిఫిక్స్ అని, సెలవు చివర కలుపుకునేదాన్ని సఫిక్స్ అని అంటారు.

ఫారం నింపినా, దానితో పాటు పెట్టే లేఖలో లెక్క మొత్తం కనబడితే మంజూరు చేసే అధికారి మరో ఫైలు తెప్పించుకోనక్కరలేదు. జనవరి నెలాఖరున రాసే లేఖ ఇలా ఉండవచ్చు:

“విషయం: 16-02-2026 నుంచి 25-02-2026 వరకు 10 రోజుల ఆర్జిత సెలవు కోరుతూ.

అయ్యా, నేను 09-09-2025న ఈ కార్యాలయంలో విధుల్లో చేరాను. మా అన్నయ్య పెళ్లి ఉన్నందున 16-02-2026 (సోమవారం) నుంచి 25-02-2026 (బుధవారం) వరకు 10 రోజుల ఆర్జిత సెలవు మంజూరు చేయగలరని కోరుతున్నాను. సెలవుకు ముందు వచ్చే 14, 15 తేదీల శని, ఆదివారాలను కలుపుకోవడానికి, ఆ రోజుల్లో ఊరు విడిచి వెళ్లడానికి అనుమతించగలరు. 26-02-2026 (గురువారం) ఉదయం తిరిగి విధుల్లో చేరతాను.

నా ఆర్జిత సెలవు లెక్క: 2025 అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు జమ 8 రోజులు. 22-12-2025 నుంచి 24-12-2025 వరకు వాడుకున్నవి 3 రోజులు. 01-01-2026న జమ 15 రోజులు. ఈనాటికి నిల్వ 20 రోజులు. ఇప్పుడు కోరుతున్న సెలవు పోగా మిగిలేవి 10 రోజులు. సెలవు ఖాతాలో అంకెలు వేరుగా ఉంటే దయచేసి తెలియజేయగలరు.”

చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. అధికారికమైన అంకె ఫారం 2లో ఉండే సెలవు ఖాతాది, ఉద్యోగి వేసుకున్నది కాదు. రెండూ కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో లేఖలోని వరసను బట్టి నిమిషంలో తెలిసిపోతుంది. 8 బదులు 5 ఉందంటే ఒక నెల వదిలేశారని, 10 ఉందంటే సెప్టెంబరును కలిపేశారని అర్థం. ‘నాకు సరిపడా సెలవు ఉంది’ అని మాత్రమే రాస్తే ఈ తేడా బయటపడదు. లెక్క ఎంత సరిగా ఉన్నా ‘నాకు రావలసిన సెలవు ఇవ్వండి’ అన్న ధోరణి లేఖలో పనికిరాదు. సెలవును హక్కుగా అడగడానికి వీల్లేదని నియమం 7 స్పష్టంగా చెబుతుంది. నిల్వ ఉన్నా, పని ఒత్తిడి ఉంటే అధికారి కాదనవచ్చు.

ముందుగా జమ కావడంలో మరో మెలిక ఉంది. జనవరిలో పడిన 15 రోజులు జూన్ ఆఖరు దాకా పనిచేస్తారన్న లెక్కతో పడినవి. పెళ్లి నుంచి వచ్చిన ఉద్యోగిని ఫిబ్రవరి 27న రాజీనామా చేసి వెళ్లిపోయిందనుకుందాం. అప్పుడు ఆ అర్ధ సంవత్సరంలో ఆమెకు పూర్తయిన నెల జనవరి ఒక్కటే. 15 బదులు 2½, అంటే 3 రోజులే దక్కుతాయి. పాత 8తో కలిపి 11. వాడుకున్నవి 13. ఎక్కువైన రెండు రోజుల సెలవు జీతాన్ని ఆఖరి లెక్కల్లో సరిచేస్తారు.

ప్రైవేటు కంపెనీల్లో ఈ అంకెలు పనికిరావు, అక్కడ కంపెనీ సెలవు పాలసీయే ఆధారం. సెలవు సంవత్సరం జనవరిలో మొదలవుతుందా, ఏప్రిల్‌లోనా? చేరిన నెలను ఎలా చూస్తారు? సెలవు ముందే పడుతుందా, నెలనెలా పోగవుతుందా? ఈ మూడూ తెలియకుండా లెక్క మొదలుపెట్టకూడదు. ఏడాదికి 18 రోజులు, ఏప్రిల్ నుంచి సంవత్సరం, 15వ తేదీలోపు చేరితే ఆ నెల మొత్తం లెక్కలోకి, నెలకు 1.5 చొప్పున నెలాఖరున జమ అన్నది పాలసీ అనుకుందాం. సెప్టెంబరు 9న చేరినవారికి మార్చి దాకా ఏడు నెలలకు 10.5 రోజుల వాటా వస్తుంది. కానీ డిసెంబరు 20న చేతిలో ఉండేది సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలవి, 4.5 రోజులే. డిసెంబరులో ఆరు రోజుల సెలవు కోరేవారు ‘ఏడాదికి నా వాటా 10.5, 20-12-2025 నాటికి జమ 4.5, మిగతా 1.5 రోజులు ముందస్తు సెలవుగా గానీ జీతం లేని సెలవుగా గానీ ఇవ్వగలరు’ అని విడివిడిగా రాయాలి. పోర్టల్‌లో కనబడే అంకె ఏడాది వాటాదా, ఆ రోజు నిల్వదా అన్నది కూడా ముందే చూసుకోవాలి. కొన్ని చోట్ల ప్రొబేషన్ ముగిసేదాకా నిల్వ కనబడుతున్నా వాడుకోనివ్వరు. ఆ షరతు ఉంటుందేమో నియామక పత్రంలో వెతకాలి.