ఆయుధపూజ బండికి గట్టి ముడి

దసరాకు కారుకు అరటి పిలకలు కట్టేటప్పుడు మన చూపంతా ఇంటి ముందు ఆగి ఉన్న బండి మీదే ఉంటుంది. హారతి అయ్యాక, నిమ్మకాయలు తొక్కించి గుడికి బయల్దేరాక గాలి పని మొదలవుతుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. వీధిలో ఇరవైలో కదలని ఆకు మెయిన్ రోడ్డు మీద నలభైకి చేరేసరికి చిరిగి అద్దానికి అడ్డం పడేది అందుకే.

చిన్న కారుకు రెండు, మూడు అడుగుల పిలకలు చాలు. ఆకులు రెండో మూడో ఉంచి, అద్దం మీదికి వచ్చే వాటిని కోసేయండి. అరటి బోదె నిండా నీరే, పైగా పొరలు పొరలుగా ఉంటుంది. సన్నటి నైలాన్ దారంతో బిగిస్తే అది పొరను కోసుకుని లోపలికి దిగుతుంది, కట్టు వదులవుతుంది. పాత పంచె చింపిన రెండు వేళ్ల వెడల్పు పీలికలు దీనికి చక్కగా పనికొస్తాయి. బోదెను ఒక్కచోట కడితే గాలికి తిరుగుతుంది కాబట్టి అడుగున ఒకటి, జానెడు పైన మరొకటి, రెండు కట్లు తప్పనిసరి. ముందు గ్రిల్ కడ్డీ గట్టిగా ఉంటే దానికే, రెండు పక్కలకూ కట్టండి. మధ్యలో రేడియేటర్‌కు గాలి ఆడాలి. సైడ్ అద్దాలకూ వైపర్లకూ కట్టొద్దు, ఆ బరువుకు విరుగుతాయి.

కోసిన చోట కారే రసం ఆరితే నల్లటి మరక పడుతుంది. అందుకే పిలకను కాసేపు నిలబెట్టి, రసం కారనిచ్చి, మొదలుకు గుడ్డ చుట్టాకే కారుకు ఆనించాలి.

బంతిపూల దండ అడుగున ఇనుప తీగ ఉంటే పెయింటు గీసుకుపోతుంది, దారంతో గుచ్చిందే అడగండి. బానెట్ మీద వేలాడేలా వేస్తే గాలికి ఎగిరెగిరి పడుతుంది. రెండు కొసలతో పాటు నడుమ కూడా గ్రిల్‌కు కట్టి, బిగువుగా పరవండి. కొసలను బానెట్ లోపలికి దోపొద్దు. జారిన దారం ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు కనబడుతున్నాయో లేదో ఎదుట నిలబడి చూడండి.

స్కూటర్‌కైతే దండ వేశాక హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. చక్రాన్ని గానీ బ్రేకును గానీ తాకితే దండను పొట్టి చేయాల్సిందే.

బయల్దేరే ముందు ప్రతి ముడినీ గట్టిగా లాగి చూడండి. వీధి చివర ఆగి మళ్లీ చూడండి, బండి అదురుకు మొదటి వదులు అక్కడే తెలుస్తుంది. గుడి దగ్గర పూజ కాగానే పిలకలు విప్పేయండి, హైవే వేగానికి ఏ కట్టూ నమ్మదగింది కాదు. విప్పిన వాటిని పశువులకు వేసేవారు ముందు దారాలూ పిన్నులూ ఏరేయాలి.