పాల కంపెనీ హోటల్ కడితే ఏ రేటుతో లెక్కకట్టాలి?

షేరు మార్కెట్లో లిస్టయిన ఒక డెయిరీ కంపెనీ ఉందనుకుందాం. అప్పుల్లేవు, చేతిలో 100 కోట్ల మిగులుంది. ఆ డబ్బుతో భీమిలి తీరంలో హోటల్ కట్టాలని బోర్డు ఆలోచన. కడితే పన్నులు పోను ఏటా సగటున 15 కోట్ల చొప్పున 15 ఏళ్లపాటు నగదు వస్తుందని అంచనా వేశారు. అకౌంట్స్ వాళ్లు ఎప్పుడూ వాడే 10 శాతం డిస్కౌంట్ రేటుతో ఆ మొత్తాన్ని నేటి విలువకు తెచ్చారు. 114 కోట్లు తేలింది. పెట్టేది 100, వచ్చేది 114. కాగితం మీద 14 కోట్ల లాభం.

ఆ 10 శాతం మాత్రం హోటల్‌ది కాదు, పాలది. ఇదే రిస్కుతో ఇంకెక్కడైనా డబ్బు పెడితే ఎంత రావాలో చెప్పేదే డిస్కౌంట్ రేటు. కనుక డబ్బు ఎవరి ఖజానాలోంచి వస్తోందన్నది కాదు, ఎందులోకి పోతోందన్నదే దాన్ని నిర్ణయిస్తుంది. ఆర్థిక మాంద్యం వచ్చినా పొద్దున్నే పాల ప్యాకెట్ కొనడం ఎవరూ మానరు. హోటల్ పరిస్థితి వేరు. కంపెనీలు ప్రయాణాల ఖర్చు తగ్గించుకోగానే గదులు ఖాళీ అవుతాయి. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపు రెండుసార్లు అమ్ముకోలేం. జీతాలు, మరమ్మతులు మాత్రం ఆగవు. దేశమంతా దిగాలుగా ఉన్నప్పుడే హోటల్ ఇంకా ఎక్కువ దిగజారుతుంది. మదుపరి అదనంగా ప్రతిఫలం అడిగేది సరిగ్గా ఈ గుణానికే.

ఆ అదనం ఎంతో చెప్పే సాధనమే క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్. 1964లో విలియం షార్ప్, ఆ మరుసటి ఏడాది జాన్ లింట్నర్ దీన్ని విడివిడిగా ప్రచురించారు. షార్ప్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. సూత్రం చిన్నది. రిస్కు లేని ప్రభుత్వ బాండు రేటు తీసుకోవాలి. షేరు మార్కెట్ మొత్తం ఆ బాండు కంటే ఎంత ఎక్కువ ఇస్తుందని ఆశిస్తామో దాన్ని బీటాతో హెచ్చించి, బాండు రేటుకు కలపాలి. మార్కెట్ ఒక శాతం కదిలితే ఈ వ్యాపారం విలువ సగటున ఎంత శాతం కదులుతుందో చెప్పే అంకె బీటా. లెక్క తేలిగ్గా ఉండేందుకు బాండు రేటు 7 శాతం, మార్కెట్ అదనపు రాబడి 6 శాతం అనుకుందాం. మన డెయిరీ బీటా 0.5 అయితే 7కు 3 కలిసి 10 శాతం అవుతుంది. అకౌంట్స్ వాళ్ల రేటు అలా వచ్చిందే.

ఇక హోటల్ బీటా. ఇంకా కట్టని హోటల్‌కు షేరు ధర ఉండదు కాబట్టి అదే వ్యాపారంలో ఉన్న లిస్టెడ్ కంపెనీలను చూడాలి. తాజ్ హోటళ్ల ఇండియన్ హోటల్స్, ఒబెరాయ్‌ల ఈఐహెచ్, లెమన్ ట్రీ వంటివి పనికొస్తాయి. ఒకప్పటి ఐటీసీ పనికిరాదు. దాని షేరును నడిపింది ప్రధానంగా సిగరెట్లు. 2025 జనవరిలో ఐటీసీ హోటల్స్ విడిగా లిస్టయ్యాకే దాని హోటళ్ల రిస్కును విడిగా కొలిచే వీలు కలిగింది. సాధారణంగా ఐదేళ్ల నెలవారీ రాబడులను నిఫ్టీ రాబడులతో పోల్చి బీటా కడతారు. ఒక్క కంపెనీ బీటాను నమ్ముకోకూడదు. కొలతలోని పొరపాటే అటూ ఇటూ 0.3 దాకా ఉండొచ్చు. కొన్నింటి సగటు తీస్తే ఆ తేడాలు కొంత సర్దుకుంటాయి. రోజుకు నాలుగు లావాదేవీలు కూడా జరగని షేరు బీటా మరీ తక్కువగా కనిపిస్తే అది భద్రతకు గుర్తు కాదు, ధర మార్కెట్ వెనక ఆలస్యంగా కదులుతోందని అర్థం.

ఆ సగటు 1.56 వచ్చిందనుకుందాం. అందులో హోటల్ రిస్కుతో పాటు ఆ కంపెనీల అప్పుల రిస్కు కూడా కలిసి ఉంది. వడ్డీ కట్టాల్సిన కంపెనీ షేరు ఎక్కువ ఊగుతుంది. వాటి అప్పు ఈక్విటీలో 40 శాతం, పన్ను 25 శాతం అయితే, 0.4ను 0.75తో హెచ్చించి ఒకటి కలిపితే 1.3 వస్తుంది. 1.56ను దానితో భాగిస్తే 1.2. అప్పు కడిగేసిన హోటల్ బీటా ఇదీ. మన డెయిరీ అప్పు లేకుండానే కడుతోంది కాబట్టి ఇదే చాలు. అప్పు తెస్తే ఇదే లెక్కను తిరగేసి ఆ ప్రభావాన్ని మళ్లీ కలపాలి. బీటా 1.2 అంటే రేటు 14.2 శాతం. ఆ రేటుతో చూస్తే ఏటా 15 కోట్ల నేటి విలువ 91 కోట్లే. 14 కోట్ల లాభం అనుకున్నది దాదాపు 9 కోట్ల నష్టమైంది. హోటల్‌లో ఒక్క ఇటుకా మారలేదు.

ఈ పొరపాటు చిన్న సంస్థలదే అనుకోనక్కర్లేదు. జాన్ గ్రాహం, క్యాంబెల్ హార్వే 2001లో ప్రచురించిన సర్వేలో అమెరికా ఫైనాన్స్ అధికారుల్లో నూటికి 70 మందికి పైగా ఈ మోడల్ వాడతామన్నారు. విదేశీ ప్రాజెక్టును అంచనా వేసేటప్పుడు మాత్రం సగానికి పైగా మొత్తం కంపెనీ రేటునే వాడతామన్నారు.

దీనికి ఎదురు తప్పూ ఒకటుంది, నా దృష్టిలో ఎక్కువ మంది చేసేది అదే. గదుల ప్లాన్ మార్చి, ఏటా 18 కోట్లు వచ్చేలా బోర్డు ప్రతిపాదనను సరిదిద్దిందనుకుందాం. 14.2 శాతంతో నేటి విలువ 109 కోట్లు దాటుతుంది. అప్పుడొక డైరెక్టర్, "తీర ప్రాంత అనుమతి రాకపోయే ప్రమాదం నూటికి 30 పాళ్లుందండీ, రేటుకు ఇంకో 5 శాతం కలపండి" అంటాడు. కలిపితే విలువ 87 కోట్లకు పడిపోతుంది, ప్రాజెక్టు మూలపడుతుంది.

జాగ్రత్తపరుడి మాటలా ఉన్నా అది సరైన లెక్క కాదు. అనుమతి వచ్చేదీ రానిదీ నిఫ్టీతో ముడిపడి లేదు. రకరకాల షేర్లున్న మదుపరికి ఇలాంటి ఒంటరి ప్రమాదాలు ఒకదానికొకటి సర్దుకుపోతాయి కాబట్టి మార్కెట్ వాటికి అదనపు రాబడి ఇవ్వదు. పైగా అనుమతి సంగతి మొదటి ఏడాదిలోనే తేలిపోతుంది. రేటులో కలిపిన 5 శాతం మాత్రం పదిహేనో ఏడాది ఆదాయాన్ని కూడా కోస్తూనే ఉంటుంది. ఆ ప్రమాదం ఉండాల్సిన చోటు నగదు అంచనా. అనుమతి కోసం 2 కోట్లు ఖర్చనుకుందాం. వస్తే లాభం దాదాపు 9.5 కోట్లు, వచ్చే అవకాశం నూటికి 70. అంటే 6.6 కోట్లు, 2 తీసేస్తే 4.6 కోట్లు. మధ్యలో ఒక ఏడాది ఆలస్యాన్ని లెక్కేసినా మిగులే. అనుమతి రాకపోతే పోయేది 2 కోట్లే, నూరు కోట్లు కాదు.

మోడల్‌కు లోపాలున్నాయి. 1992లో యూజీన్ ఫామా, కెన్నెత్ ఫ్రెంచ్ అమెరికా షేర్ల గణాంకాలు తీసి, బీటా ఒక్కటే రాబడుల తేడాను సరిగా వివరించలేదని చూపారు. అందుకే 14.2ను దశాంశం దాకా పట్టుకు వేలాడకుండా, 13తోనూ 15తోనూ కూడా వేసి, లాభం నష్టంగా మారేది ఎక్కడో చూసుకోవాలి. ఏటా 18 కోట్ల ప్రతిపాదనకు ఆ గీత 16 శాతానికి కాస్త పైన ఉంది, కాస్త వెసులుబాటు ఉన్నట్టే.

పెద్ద పరిమితి మరొకటి. ఈ మోడల్ మదుపరి డబ్బంతా నలుదిక్కులా పంచుకుని ఉన్నాడని అనుకుంటుంది. ఉన్న పొలాలమ్మి, ఇదే హోటల్‌ను సొంతంగా కట్టే కుటుంబానికి అనుమతి రాకపోవడం, పక్కన ఇంకో హోటల్ వెలవడం లాంటివేవీ సర్దుకుపోవు, మొత్తం వాళ్ల నెత్తినే పడతాయి. అలాంటి వాళ్ల కోసం బీటాను, మార్కెట్‌తో ఆ వ్యాపారానికున్న సహసంబంధంతో భాగించే పద్ధతి ఉంది. ఆ సంబంధం 0.5 అయితే 1.2 కాస్తా 2.4 అవుతుంది, రేటు 21.4 శాతానికి చేరుతుంది. డెయిరీకి గిట్టుబాటయ్యే స్థలం ఆ కుటుంబానికి గిట్టదు. అదే కుటుంబం భూమిని వాటాగా ఇచ్చి, కట్టుబడి ఖర్చు లిస్టెడ్ భాగస్వామికి వదిలేస్తే, అదే స్థలం ఇద్దరికీ లాభసాటి కావచ్చు.