శత్రువు వెనకాల ఒక్కరోజు

1971 డిసెంబర్ 11. పొద్దువాలే వేళ. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో ఢాకాకు వాయవ్యంగా ఉన్న టాంగైల్ పట్టణం వైపు భారత వైమానిక దళం విమానాలు బారులు తీరి వచ్చాయి. ఏఎన్-12లు, ప్యాకెట్లు, డకోటాలు, క్యారిబూలు అన్నీ కలిపి యాభై దాకా ఉంటాయి. కాసేపటికి పొలాల మీద ఆకాశమంతా పారాచూట్లు విచ్చుకున్నాయి. లెఫ్టినెంట్ కల్నల్ కుల్వంత్ సింగ్ పన్నూ నాయకత్వంలో 2 పారా బెటాలియన్ బృందం, ఏడెనిమిది వందల మంది, శత్రు సైన్యం వెనక దిగుతోంది.

వాళ్లకు అప్పగించిన పని ఒక్కటే: పూంగ్లీ వంతెన పట్టుకోవడం. ఉత్తరాన మైమెన్‌సింగ్, జమాల్‌పూర్‌లలో ఉన్న పాకిస్తాన్ 93వ బ్రిగేడ్ వెనక్కి తగ్గి ఢాకా చేరాలంటే ఆ రోడ్డునే రావాలి. ఆ బ్రిగేడ్ ఢాకా చేరితే రాజధాని రక్షణకు అంత బలం తోడవుతుంది. వంతెన మన చేతిలో ఉంటే వెనక నుంచి తరుముకొచ్చే మన సైన్యానికీ, ముందు కాచుకున్న పారాట్రూపర్లకూ మధ్య అది ఇరుక్కుపోతుంది. ఆకాశం నుంచి సైన్యాన్ని దించడంలో అసలు ఉద్దేశం ఇదే. నేల మీద నడిచి వెళ్లేవాడికి చాలా ఆలస్యంగా దక్కే వంతెననో, విమానాశ్రయాన్నో, కనుమదారినో శత్రువు తేరుకునేలోపు చేజిక్కించుకోవాలి. తర్వాత మన ప్రధాన సైన్యం వచ్చేదాకా దాన్ని వదలకుండా పట్టుకోవాలి.

చూసేవాళ్లకు ప్రమాదమంతా దూకడంలోనే ఉందనిపిస్తుంది. అదెలా జరుగుతుందో ముందు చూద్దాం.

విమానం లోపల తల ఎత్తులో ఒక ఉక్కు తీగ నిలువునా సాగి ఉంటుంది. ప్రతి సైనికుడూ తన పారాచూట్ నుంచి వచ్చే పట్టీ కొక్కేన్ని ఆ తీగకు తగిలిస్తాడు. ఎర్రలైటు వెలిగితే సిద్ధం కావాలి, పచ్చలైటు వెలిగితే దూకాలి. దూకగానే ఆ పట్టీ బిగిసి వీపు మీది సంచిలోంచి పారాచూట్‌ను లాగేస్తుంది. కాబట్టి తాడు లాగాల్సిన పని అతనికి ఉండదు. నాలుగు అంకెలు లెక్కపెట్టి తల ఎత్తి చూస్తాడు. పైన గుడ్డ నిండుగా విచ్చుకుని ఉంటే సరే. విచ్చుకోకపోయినా, తాళ్లు మెలిపడి దొప్పలా నలిగి కనిపించినా ఛాతీ మీదున్న రెండో పారాచూట్ తెరవాలి. దూకిన ఎత్తు వెయ్యి అడుగులైతే ఆలోచించుకోవడానికి సమయం ఉండదు. కాలికి కట్టుకున్న బరువైన సామాను సంచిని నేల దగ్గరపడగానే తాడుతో కిందికి వదులుతాడు. అది ముందు నేలను తాకుతుంది. ఆ వెంటనే రెండు కాళ్లూ జతచేసి ఇతను పక్కకు దొర్లుతూ పడతాడు.

ఇందులో కాళ్లు విరగడం ఉంది, అప్పుడప్పుడు ప్రాణాలు పోవడమూ ఉంది. అయితే సైన్యాధికారిని ఎక్కువగా కలవరపెట్టేది చెల్లాచెదురు కావడం. చిన్న లెక్క వేసి చూడండి. విమానం గంటకు 220 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు అరవై మీటర్లు దాటుతుంది. సెకనుకొకరు చొప్పున ఇరవై మంది దూకితే మొదటివాడికీ చివరివాడికీ మధ్య కిలోమీటరుకు పైగా దూరం వచ్చేస్తుంది. వెయ్యి అడుగుల నుంచి నేల చేరడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో ఓ మోస్తరు గాలి కూడా మనిషిని రెండు వందల యాభై మీటర్లు పక్కకు నెట్టేస్తుంది. ఇది ఒక్క విమానం సంగతి. యాభై విమానాలైతే నేల మీద దిగింది ఇంకా బెటాలియన్ కాదు, పొలాల్లో అక్కడక్కడా పడ్డ మనుషులు. వాళ్లు ఒకరినొకరు వెతుక్కోవాలి, ఆయుధాల మూటలు ఏరుకోవాలి, దిక్కు తెలుసుకోవాలి. ఆ గంటా రెండు గంటల్లో శత్రువు మీద పడితే ఎదిరించడానికి దళమంటూ ఉండదు.

టాంగైల్‌లోనూ ఈ చిక్కులు తప్పలేదు. కొందరు అనుకున్న చోటికి దూరంగా పడ్డారు. బరువైన సామాన్లు కొన్ని చెరువుల్లో, కుంటల్లో పడ్డాయి. అయినా చీకటి పడ్డాక కొన్ని గంటల్లోనే వంతెన మన వాళ్ల చేతికొచ్చింది. దానికి కారణాలు పారాచూట్లలో వెతికితే దొరకవు. అవన్నీ నేల మీద, దూకడానికి ముందే సిద్ధమైనవి.

యుద్ధం మొదలైన కొద్ది రోజులకే ఢాకాలోని తేజ్‌గావ్ రన్‌వేను మన వైమానిక దళం గుంతలమయం చేసింది. అక్కడి పాకిస్తాన్ సేబర్ విమానాలు ఇక లేవలేకపోయాయి. నెమ్మదిగా, తిన్నగా, తక్కువ ఎత్తులో వెళ్లే రవాణా విమానాలు పగటిపూటే టాంగైల్ దాకా వెళ్లగలిగాయంటే అందుకే. ఇక టాంగైల్ చుట్టుపక్కల కాదర్ సిద్దిఖీ నాయకత్వంలో వేల మంది ముక్తి బాహిని యోధులు ఉన్నారు. పారా బ్రిగేడ్‌కు చెందిన కెప్టెన్ పి.కె.ఘోష్ ముందుగానే లోపలికి చేరి వాళ్లతో కలిశాడు. అందువల్ల దిగే నేల ఎవరి అదుపులో ఉందో దూకేవాళ్లకు తెలుసు. దిగాక ఊళ్లవాళ్లు పరుగున వచ్చి మూటలు మోసి సాయం చేశారు.

ఆ రాత్రి ఉత్తరం నుంచి వెనక్కి వస్తున్న పాకిస్తాన్ సైనికులు దారి మూసుకుపోయిందని తెలిసి వంతెన కోసం మళ్లీ మళ్లీ దాడి చేశారు. పారాట్రూపర్లు కదల్లేదు. అయితే బ్రిగేడ్ మొత్తం వలలో పడలేదు. కొందరు వంతెన పట్టుబడక ముందే దాటిపోయారు. మర్నాడు, డిసెంబర్ 12 సాయంత్రానికి, ఉత్తరం నుంచి రోడ్డు మార్గాన వచ్చిన 1 మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లను చేరుకుంది. అంటే 2 పారా శత్రువు మధ్య ఒంటరిగా గడిపింది ఒక్కరోజు. ఆ ఒక్కరోజు ఒక వారమై ఉంటే ఈ కథ మరోలా ఉండేది.

ఎలా ఉండేదో ఇరవై ఏడేళ్ల ముందే హాలండ్‌లో కనిపించింది. 1944 సెప్టెంబర్ 17న మిత్రదేశాలు వరసగా ఉన్న వంతెనల మీద పారాట్రూపర్లను దించాయి. వాటిలో అన్నిటికన్నా దూరంగా ఉన్న ఆర్నెమ్ వంతెన బ్రిటిష్ 1వ ఎయిర్‌బోర్న్ డివిజన్ వంతుకొచ్చింది. మొత్తం పదివేల మంది. రెండు రోజులు పట్టుకుంటే చాలు, ఈలోగా ట్యాంకుల సైన్యం వంద కిలోమీటర్లు దూసుకొచ్చి కలుస్తుందని పథకం.

విమానాలు చాలక అందరినీ ఒకేసారి దించలేదు, రోజుకు కొందరిని తెచ్చారు. వంతెన దగ్గర విమాన విధ్వంసక తుపాకులున్నాయని, నేల మెత్తగా ఉందని పది కిలోమీటర్లకు పైగా దూరంలో దించారు. దిగినవాళ్లలో కొంతమంది తర్వాత వచ్చేవాళ్ల కోసం ఆ మైదానాలకే కాపలా ఉండిపోయారు. మిగతావాళ్లు నడిచి వెళ్తుండగా జర్మన్లు తేరుకున్నారు. ఆ పరిసరాల్లోనే రెండు జర్మన్ ఎస్ఎస్ పాంజర్ డివిజన్లు విశ్రాంతి తీసుకుంటున్నాయి. బ్రిటిష్ వాళ్ల రేడియోలు సరిగా పనిచేయలేదు. విమానాలు ఆహారాన్ని, గుళ్లను వదలాల్సిన స్థలాలు అప్పటికే జర్మన్ల చేతిలోకి పోయాయి. ఆ కబురు పైలట్లకు అందలేదు. కింద ఆకలితో ఉన్నవాళ్లు చూస్తుండగానే మూటలు శత్రువు ఒళ్లో పడ్డాయి.

లెఫ్టినెంట్ కల్నల్ జాన్ ఫ్రాస్ట్ వెంట దాదాపు 740 మంది మాత్రమే వంతెన ఉత్తరపు కొసకు చేరారు. పారాట్రూపర్ తనతో తెచ్చుకోగలిగేది మోయగలిగినంతే. ట్యాంకులు ఎదురైతే నిలువరించడానికి చేతిలో ఉండేవి తేలికపాటి ఆయుధాలే. పదివేల మంది రెండు రోజులు నిలబెట్టాల్సిన వంతెనను వాళ్లు మూడు పగళ్లు, నాలుగు రాత్రులు నిలబెట్టారు. దక్షిణాన ట్యాంకుల సైన్యం ఒకే ఒక్క రోడ్డు మీద ఇరుక్కుని, పేల్చేసిన వంతెన దగ్గర ఆగి, సమయానికి చేరలేకపోయింది. చివరికి సెప్టెంబర్ 25 రాత్రి రైన్ నది దాటి వెనక్కి రాగలిగింది సుమారు 2,400 మంది. దాదాపు 1,500 మంది చనిపోయారు. మిగిలినవాళ్లలో అత్యధికులు బందీలయ్యారు.

ఎవరి నేల మీద దిగుతున్నామన్నది ఎంత ముఖ్యమో మన పంజాబ్ చెబుతుంది. 1965 సెప్టెంబర్ 6 రాత్రి పాకిస్తాన్ దాదాపు 180 మంది కమాండోలను పఠాన్‌కోట్, ఆదంపూర్, హల్వారా వైమానిక స్థావరాల దగ్గర దించింది. విమానాలను ధ్వంసం చేయడం వాళ్ల పని. చీకట్లో వాళ్లు పొలాల్లో చెదిరిపడ్డారు. తెల్లవారేసరికి ఊళ్లకు ఊళ్లే కర్రలు పట్టుకుని వెతకడం మొదలుపెట్టాయి. ఒక్క విమానం కూడా వాళ్ల చేతిలో పాడవలేదు. 130 మందికి పైగా పట్టుబడ్డారు. మిగతావాళ్లలో కొందరు చనిపోయారు, కొద్దిమంది సరిహద్దు దాటి తప్పించుకున్నారు. వాళ్లు శిక్షణలో ఎవరికీ తీసిపోరు. కానీ వాళ్లను కలుసుకోవడానికి వచ్చే సైన్యం లేదు, దాచిపెట్టే ఊరు లేదు.

ఈ మూడు చోట్లా దూకినవాళ్లంతా ధైర్యవంతులే. తేడా తెచ్చినవి మూడు విషయాలు: లక్ష్యానికి ఎంత దగ్గరలో దిగారు, దిగిన చోట జనం ఎవరివైపు ఉన్నారు, నేల మీద నుంచి రావాల్సిన సైన్యం ఎన్ని గంటల్లో చేరింది. మూడూ కుదిరినప్పుడు కొన్ని వందల మంది ఒక బ్రిగేడ్ దారిని అడ్డుకోగలరు. అవి కుదరకపోతే పదివేల మందీ చాలరు. ఇలాంటి సైన్యాన్ని దించమని ఆదేశించే వ్యక్తి ముందుగా జవాబు చెప్పాల్సింది మూడోదానికి. ఆ జవాబు లేకుండా పచ్చలైటు వెలిగిస్తే అది సాహసం కాదు, సైనికులను వదిలేసుకోవడం.

టాంగైల్‌లో ఆ జవాబు ఉంది, మాట తప్పలేదు. ఐదు రోజుల తర్వాత, డిసెంబర్ 16 ఉదయం, మీర్పూర్ వంతెన దాటి ఢాకాలో మొదట అడుగుపెట్టిన భారత దళం ఆ 2 పారాయే.